తిరుపతిలో మిఠాయికి పేరు: ఊరిదా, దేవుడిదా, అవ్వదా, కొత్తదా?

తిరుపతిలో కొత్తగా ఒక మిఠాయి తయారుచేసిన వాళ్ళకు మొదట తట్టే పేర్లు రెండే. ఒకటి ఊరి పేరు, రెండోది స్వామి పేరు. ఈ ఊళ్ళో అవి రెండూ బోర్డు మీద బాగానే ఉంటాయి కానీ మనవి కావు. మనం ఎంత కష్టపడి పేరు తెచ్చినా ఆ పేరు పక్క దుకాణానికీ అంతే పనిచేస్తుంది. కొన్నిసార్లు కోర్టు దాకా కూడా తీసుకెళ్తుంది. అందుకే పేరు వెతికేటప్పుడు "ఏది బాగుంది" అనే ప్రశ్న పక్కన పెట్టి మూడు సంగతులు చూడమంటాను. కొన్నవాడు రెండోసారి వచ్చి ఆ పేరు నోటితో అడగగలడా, అడిగితే మన దుకాణానికే వస్తాడా, ఇంకొకడు అదే పేరు పెడితే మనం ఆపగలమా.

మాటల్లోనే చెబితే తేలదు కాబట్టి ఒక దుకాణాన్ని ఊహించుకుందాం. ఆర్టీసీ బస్టాండు దగ్గర భార్యాభర్తలు నడిపే చిన్న మిఠాయి కొట్టు. వాళ్ళు కొత్తగా ఒకటి చేశారు. వేయించిన చెనిక్కాయల పొడి, చిత్తూరు బెల్లం పాకం, చెంచాడు నెయ్యి కలిపి చెక్క అచ్చులో నొక్కుతారు. మధ్యలో తోతాపురి మామిడి తాండ్ర ముక్క ఒకటి దాస్తారు. కొరికితే ముందు బెల్లం, తర్వాత పులుపు. కొన్నవాళ్ళు మళ్ళీ వస్తున్నారు. వచ్చి ఏమంటున్నారంటే, "అన్నా, మొన్న తీసుకుపోయినామే, లోపల తాండ్ర ఉండేది, అది ఇయ్యన్నా" అంటున్నారు. సరుకు బాగుంది, పేరు లేదు. అదే వీళ్ళ సమస్య.

ఊరి పేరు: అందరిదీ, ఒక్కోసారి ఒకరిదే

"తిరుపతి స్పెషల్" అని పెడితే ఏమవుతుంది? చట్టం ప్రకారం పెద్ద ప్రమాదమేమీ లేకపోవచ్చు, కానీ లాభం కూడా లేదు. గాంధీ రోడ్డులో అడుగడుక్కీ తిరుపతి స్పెషల్ ఏదో ఒకటి ఉంటుంది. యాత్రికుడు బెంగళూరు వెళ్ళి పక్కింటివాళ్ళకు "తిరుపతి స్పెషల్ తెచ్చాను" అంటే వాళ్ళు లడ్డూ అనుకుని చెయ్యి చాపుతారు. పైగా ఊరిపేరును ఒక్కరి సొంతం చేయడానికి ట్రేడ్‌మార్కుల చట్టం మామూలుగా ఒప్పుకోదు. సరుకు ఎక్కడిదో చెప్పే మాటను ఒకరికే ఇస్తే ఆ ఊళ్ళో మిగతావాళ్ళు ఏం చెప్పుకోవాలి?

"లడ్డూ" అనే మాట జతైతే మాత్రం కథ వేరు. తిరుపతి లడ్డూకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. జీఐ ట్యాగ్ అంటున్నది దాన్నే. అది టీటీడీ పేరు మీద ఉంది. ఆ పేరుతో ఇంకెవరూ అమ్మకూడదు. ఒక మిఠాయి సంస్థ ఆ పేరుతో అమ్మబోతే 2013లో మద్రాసు హైకోర్టు అడ్డుకుంది. చిన్న కొట్టువాళ్ళు "మేము తిరుపతిలోనే ఉన్నాం, లడ్డూనే చేస్తున్నాం, తిరుపతి లడ్డూ అంటే తప్పేంటి" అని అమాయకంగా అడుగుతారు. తప్పే. ఊళ్ళో ఉండటం వల్ల ఆ హక్కు రాదు. బందరు లడ్డూకు, ఆత్రేయపురం పూతరేకులకు కూడా ఇప్పుడు ఇలాంటి గుర్తింపు ఉంది. వాటిలో తేడా ఏమిటంటే, అక్కడ తయారీదార్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ ప్రాంతంలో పద్ధతి ప్రకారం చేసేవాళ్ళు వాడుకునేవాళ్ళుగా నమోదు చేసుకోవచ్చు. తిరుపతి లడ్డూ అలా కాదు. అది చేసేది కొండ మీద గుడి వంటశాల అయిన ఒక్క పోటులోనే.

మన దంపతులు చేసింది లడ్డూ కాదు కాబట్టి నేరుగా ఈ చిక్కు లేదు. అయినా తిరుపతిలో లడ్డూ అనే మాటకు దూరంగా ఉండటమే మంచిది. "తాండ్ర లడ్డూ" అని పెట్టినా వినేవాడి చెవిలో ముందు పడేది లడ్డూయే. కొండ మీది లడ్డూతో పోల్చుకుని, అది కాదని తెలిసి, మొహం చిన్నబుచ్చుకుంటాడు. పోలికలో ఓడిపోయే పేరు ఎందుకు?

దేవుడి పేరు: పెట్టడం తేలిక, నిలుపుకోవడం కష్టం

శ్రీనివాస బర్ఫీ, పద్మావతి పాకం, గోవింద మిఠాయి. ఈ ఊళ్ళో ఇవి వద్దని చెప్పడానికి కొంచెం ధైర్యం కావాలి. ఎవరి భక్తి వారిది. వ్యాపారం లెక్క మాత్రం చూద్దాం.

దేవుడి పేరు మీద ఒక్కరికే హక్కు ఇవ్వడానికి కోర్టులు ఇష్టపడవు. "రామాయణ్" అనే పేరును అగరొత్తులకు ట్రేడ్‌మార్కుగా అడిగిన కేసులో, పవిత్ర గ్రంథం పేరు ఏ ఒక్కరి సొత్తూ కాదని సుప్రీంకోర్టు 2015లో తేల్చింది. అంతకుముందు 2011లో ఢిల్లీ హైకోర్టులో కృష్ణ పేరు మీద పాల పదార్థాలు అమ్మే ఇద్దరి మధ్య గొడవ వచ్చింది. అందరూ పెట్టుకునే దేవుడి పేరు కాబట్టి ఆ ఒక్క మాట మీద ఒకరికే పట్టు ఉండదని కోర్టు చెప్పింది. అంటే మీరు పదేళ్ళు "గోవింద మిఠాయి"కి పేరు తెచ్చినా, పదకొండో ఏట ఎదురుగా ఇంకో గోవింద మిఠాయి వెలిస్తే పెద్దగా చేయగలిగింది లేదు.

"ప్రసాదం" అనే మాట ఇంకా జాగ్రత్తగా చూడాలి. 2024 జనవరిలో అయోధ్య ప్రసాదం అనే పేరుతో మామూలు మిఠాయిలు అమ్ముతున్నారని ఒక పెద్ద ఆన్‌లైన్ సంస్థకు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నోటీసు ఇచ్చింది. కొన్నవాడు గుడిలోంచి వచ్చిందనుకుంటాడు, అది మోసపుచ్చే ప్రకటన అవుతుంది. తిరుపతిలో ఆ అపోహ ఇంకా సులభంగా కలుగుతుంది.

చట్టాలు పక్కన పెట్టినా ఒక మామూలు ఇబ్బంది ఉంది. మిఠాయి పెట్టె తిన్న తర్వాత చెత్తబుట్టలోకి పోతుంది, లేదంటే బస్టాండులో కాళ్ళ కింద పడుతుంది. దాని మీద స్వామి పేరు, ఇంకా మాట్లాడితే బొమ్మ కూడా ఉంటే, చూసి బాధపడే కస్టమర్లు మన ఊరికి వచ్చేవాళ్ళలోనే ఎక్కువ. దుకాణం బోర్డు మీద దేవుడి పేరు ఉండనివ్వండి. కాగితం మీద వద్దు.

మనిషి పేరు: నోటికి బాగా పడుతుంది

కాకినాడ గొట్టం కాజాను జనం కోటయ్య కాజా అనే అడుగుతారు. చేసినవాడి పేరు, చేసిన వస్తువు పేరు, రెండే మాటలు. పేరు వినగానే ఇది ఎవరో ఒక మనిషి చేతిది అనిపిస్తుంది. మిఠాయికి అంతకన్నా మంచి మాట అక్కర్లేదు. తిరుపతి, చిత్తూరు వైపు అవ్వ, జేజి, పెద్దమ్మ లాంటి వరసలు కూడా ఈ పని చేస్తాయి.

చిక్కులు రెండున్నాయి. మొదటిది, అదే పేరున్న ఇంకొకడు నిజాయితీగా తన పేరు తాను వాడుకుంటే ట్రేడ్‌మార్కు చట్టంలోని 35వ సెక్షన్ అతణ్ణి కాపాడుతుంది. సుబ్బమ్మ అనే పేరు జిల్లాలో ఎంతమందికి ఉందో లెక్క కట్టలేం. రెండోది కుటుంబంలోంచే వస్తుంది. ఇంటిపేరు మీద పెట్టిన వ్యాపారం అన్నదమ్ములు విడిపోగానే ముక్కలవుతుంది. హల్దీరామ్ కుటుంబం శాఖల మధ్య పేరు కోసం ఎంతకాలం కోర్టుల్లో నడిచిందో వ్యాపారం తెలిసినవాళ్ళకు కొత్త కాదు. కాబట్టి మనిషి పేరు పెట్టాలనుకుంటే నలుగురికీ ఉండని పేరు, లేదా ముద్దుపేరు చూసుకోవడం, అది ఎవరి పేరు మీద నమోదు చేస్తున్నారో ఇంట్లో ముందే రాసుకోవడం మంచిది.

ఒక పక్క మాట. మన తెలుగువాళ్ళం "త"ను ఇంగ్లీషులో th అని రాస్తాం. ఉత్తరాదివాళ్ళు ఉట్టి t రాస్తారు. "తాత కోవా" అని పెట్టారనుకోండి, హిందీ కస్టమర్ ఫోన్లో Tata అని కొడతాడు. ఆ నాలుగు అక్షరాలు ఎవరివో చెప్పక్కర్లేదు. తాత పేరుతో పెట్టెలు అచ్చు వేయించే ముందు ఈ ఒక్క సంగతి ఆలోచించండి.

పదార్థం పేరు: హోటల్లో పనిచేస్తుంది, పెట్టెలో చేయదు

"చెనిక్కాయ తాండ్ర బర్ఫీ" అంటే వినగానే అర్థమవుతుంది. అదే దాని బలం, అదే బలహీనత. సరుకులో ఏముందో చెప్పే మాటకు ట్రేడ్‌మార్కు దొరకడం కష్టం. ఏళ్ళ తరబడి వాడి, ఆ మాట వినగానే జనానికి మీ కొట్టే గుర్తొస్తుందని రుజువు చేస్తే తప్ప రిజిస్ట్రీ ఒప్పుకోదు. రేపు పక్కవాడు తాండ్ర పెట్టి చేస్తే అతనిదీ చెనిక్కాయ తాండ్ర బర్ఫీయే అవుతుంది.

హోటల్ వంటకానికి మాత్రం నేను దీన్నే ఎంచుకుంటాను. మెనూ చూసి, సర్వరును అడిగి తెప్పించుకునే చోట పేరులో పదార్థం కనబడాలి. తిరుపతికి వచ్చేవాళ్ళలో శాకాహారం గట్టిగా పాటించేవాళ్ళు చాలామంది. "జేజి పులుసు" అని మాత్రమే రాస్తే అందులో ముక్క ఉందో లేదో అని అనుమానపడి, ఇడ్లీ చెప్పేసి లేస్తారు. "రాగిసంగటి, నాటుకోడి పులుసు" అని తేటగా రాసి, మీ ప్రత్యేకత ఏదైనా ఉంటే దాని ముందు ఒక్క మాట చేర్చండి. ఎమ్మెల్యే పెసరట్టులో ఎమ్మెల్యే అనే మాట ఎక్కడిదైనా కావచ్చు, వెనకాల పెసరట్టు ఉంది కాబట్టే తెలియనివాడు కూడా ధైర్యంగా చెప్పగలుగుతాడు.

మిఠాయి అలా కాదు. ఒకసారి కొని ఇంటికి తీసుకుపోతారు. మళ్ళీ వచ్చేది ఆరు నెలలకో ఏడాదికో. లేదంటే తిరుపతి వెళ్తున్న చుట్టానికి ఫోన్ చేసి తెమ్మంటారు. ఆ ఫోన్లో చెప్పగలిగిన మాట ఏదో అదే నిజమైన పేరు. "చెనిక్కాయ తాండ్ర బర్ఫీ" అని చెబితే ఆ చుట్టం దారిలో కనబడిన మొదటి కొట్లో ఏదో ఒక చెనిక్కాయ బర్ఫీ కొని తెస్తాడు.

కొత్తగా పుట్టించిన పేరు, నాలుగు భాషల నోళ్ళు

చట్టం దృష్టిలో అన్నిటికన్నా బలమైనది సరుకుతో సంబంధం లేని మాట, లేదా మనం పుట్టించిన మాట. కానీ దాన్ని జనం నోట్లో పెట్టడం కష్టం. తిరుపతిలో ఇంకా కష్టం. ఇక్కడి కౌంటర్ ముందు తెలుగు, తమిళం, కన్నడం, హిందీ మాట్లాడేవాళ్ళు ఒకే వరసలో నిలబడతారు. అందుకే మన దంపతుల మిఠాయికి పేరు కట్టే పని మెల్లగా చేద్దాం.

కస్టమర్ల నోట వస్తున్న మాటలు ముందు చూడాలి. ఇక్కడ తాండ్ర అంటున్నారు, అచ్చు అంటున్నారు, "అవ్వ చేసినట్టుంది" అంటున్నారు. భర్తకు నచ్చింది "అవ్వ బిళ్ళ". తెలుగులో చక్కగా ఉంది. తమిళంలో బోర్డు రాయిస్తే? తమిళ లిపిలో ప, బ లకు ఒకే అక్షరం. మాట మొదట్లో అది ప అనే పలుకుతుంది. బిళ్ళ కాస్తా పిళ్ళ అయి, చిన్నపిల్ల అనే అర్థానికి దగ్గరవుతుంది. అవ్వ, పిల్ల. మిఠాయి ఎక్కడ?

భార్య "అవ్వ ముద్ద" అంది. తమిళంలో ఒత్తక్షరం వస్తే అది గట్టిగానే పలుకుతుంది, ద్ద అనేది త్త అవుతుంది. ముద్ద ముత్త అయింది. తమిళంలో ముత్తం అంటే ముద్దు. చెన్నై కుర్రాళ్ళు నవ్వుకుంటూ ఫోటోలు తీసుకుంటారు. అది కూడా ప్రచారమే కదా అంటారా? ఫోటో తీసుకున్నవాడు కొంటాడని నమ్మకం లేదు.

"అవ్వ ఉండ" ఈ పరీక్ష దాటింది. అనుస్వారం తర్వాతి అక్షరం తమిళంలో మెత్తగానే పలుకుతుంది కాబట్టి ఉండ ఉండగానే ఉంటుంది. కన్నడంలో ఉండె, తమిళంలో ఉరుండై, అర్థం కూడా తెలుస్తుంది. కానీ ఇంగ్లీషు అక్షరాల్లో Unda అని రాస్తే ఉత్తరాది కస్టమర్ దాన్ని అండా అని చదివే ప్రమాదం ఉంది. హిందీలో అండా అంటే కోడిగుడ్డు. దర్శనం చేసుకుని వచ్చినవాడు ఆ మాట చూస్తే పెట్టె ముట్టుకోడు. పైగా మన సరుకు ఉండ ఆకారంలో లేదు.

మిగిలింది అచ్చు. అచ్చు బెల్లం మనకు తెలిసిందే. తమిళంలోనూ కన్నడంలోనూ అచ్చు అంటే అచ్చే. హిందీ చెవికి అచ్ఛాకు దగ్గరగా వినబడుతుంది, అదీ మంచిదే. కానీ "అవ్వ అచ్చు" అని వేగంగా అంటే "అవ్వచ్చు" అయిపోతుంది. "మీ కొట్లో అవ్వచ్చు ఉందా" అంటే అవతలివాడు "ఏం అవ్వచ్చు?" అంటాడు. తిరగేస్తే "అచ్చవ్వ". ఒక్క మాట, మూడక్షరాలు, ఎవరో పెద్దామె పేరులా ఉంది. తమిళంలో చ్చ గట్టిగానే ఉంటుంది, వ్వ మారదు. అవ్వ కన్నడంలోనూ పెద్దామే, తమిళులకు పాతకాలపు కవయిత్రి అవ్వైయార్ ఉండనే ఉంది. నాలుగు నోళ్ళలో పెద్దగా చెడలేదు.

లోపం లేదని కాదు. తమిళులకు అచ్చు మురుకు బాగా తెలుసు, కేరళవాళ్ళకు అచ్చప్పం తెలుసు. అచ్చవ్వ అని మాత్రమే చూస్తే కారమో కరకరలాడేదో అనుకోవచ్చు. అందుకే వెనకాల ఇంకో మాట కావాలి. మిఠాయి అనేది ఈ నాలుగు భాషల్లోనూ దాదాపు అదే మాట. తమిళులకు చెనిక్కాయ, బెల్లం కలిసిన కడలై మిఠాయి అలవాటే. కోవిల్‌పట్టి కడలై మిఠాయికి 2020లో జీఐ కూడా వచ్చింది. కాబట్టి "అచ్చవ్వ మిఠాయి".

ఇక్కడే చాలామంది వదిలేసే సంగతి ఒకటుంది. చికెన్ 65 చూడండి. చెన్నైలోని బుహారీ హోటల్లో 1965లో మొదలైందని చెబుతారు. ఇవాళ అది ఎవరి వంటకం? అందరిదీ. దానికి ఆ పేరు తప్ప ఇంకో పేరు లేకపోవడం వల్ల, వేరే హోటల్ వాళ్ళు అదే వంటకం చేసినప్పుడు ఆ పేరే పెట్టక తప్పలేదు. కొత్తరకం సరుకు తయారుచేసినవాళ్ళు అందుకే రెండు పేర్లు పెట్టాలి. ఒకటి ఆ రకానికి, ఒకటి తమకు. ఇక్కడ "తాండ్ర అచ్చు" అనేది రకం పేరు. పక్కవాడు నకలు చేస్తాడు, ఖాయం. చేసినప్పుడు తాండ్ర అచ్చు అని రాసుకోనివ్వండి. ఆ మాట దొరక్కపోతే వాడు అచ్చవ్వ అనే రాస్తాడు, ఏడాదికల్లా అది బస్టాండు సరుకైపోతుంది.

పెట్టె మీద కూడా ఈ రెండోది కావాలి. ఆహార భద్రత సంస్థ లేబుల్ నిబంధనల ప్రకారం ముద్దుపేరు ఒక్కటే రాస్తే సరిపోదు. లోపల ఏముందో తెలిసేలా సరుకు పేరు కూడా ఉండాలి. అచ్చవ్వ అని పెద్దగా, కింద "తాండ్ర అచ్చు: వేరుశనగ, బెల్లం, మామిడి తాండ్ర మిఠాయి" అని. వేరుశనగ కొందరికి పడదు, అది అలర్జీ పదార్థాల జాబితాలో ఉంది కాబట్టి విడిగా ప్రకటించాలి. పేరులో చెనిక్కాయ దాగిపోయింది కనుక ఇది ఇంకా ముఖ్యం. పెట్టె మీద స్వచ్ఛమైన, అసలైన, సంప్రదాయ లాంటి మాటలు కలపబోతే ఆగండి. వాటిని ఎప్పుడు వాడొచ్చో 2018 నాటి ప్రకటనల నిబంధనల్లో షరతులున్నాయి.

అడుగుతున్నారా, వేలు చూపిస్తున్నారా

పేరు ఖాయమని పెట్టెలు అచ్చు వేయించకండి. తెల్ల పెట్టెలకు స్టిక్కర్లు వేసి మొదలుపెట్టండి. బిల్లింగ్ మెషీన్లో ఈ మిఠాయికి విడిగా ఒక ఐటమ్ పెట్టండి. "మిక్స్‌డ్ స్వీట్స్ అరకేజీ"లో కలిసిపోతే ఏమీ తెలియదు. బిల్లు మీద కూడా అచ్చవ్వ అనే పడాలి, ఎందుకంటే చాలామంది ఇంటికెళ్ళాక పేరు మర్చిపోయి బిల్లే తీసి చూస్తారు.

కౌంటర్ దగ్గర ఒక కాగితం, రెండు గళ్ళు. కస్టమర్ పేరు పలికితే ఒక గడిలో గీత. "అది", "ఆ గోధుమరంగుది", "తాండ్రది" అంటే రెండో గడిలో గీత. పలికించే పని కౌంటర్ కుర్రాడిది. "ఇదా సార్" అనకుండా "అచ్చవ్వ ఎంత కట్టమంటారు సార్" అనాలి, డబ్బు తీసుకునేటప్పుడు మరోసారి అనాలి. కొన్ని వారాలైనా రెండో గడే నిండుతుంటే పేరు పట్టలేదని అర్థం. జనం "తాండ్రది" అనే పట్టుబట్టి అడుగుతుంటే ఆ మాటతో వాదించి లాభం లేదు. "తాండ్రవ్వ" లాంటిదేదో కట్టి మళ్ళీ నాలుగు భాషల పరీక్ష పెట్టాలి. స్టిక్కర్లు కాబట్టి పోయేది తక్కువే.

ఇంగ్లీషు రాత ఒకటే ఉండాలి. Achavva అని ఒకచోట, Achchavva అని ఒకచోట రాస్తే ఫోన్లో వెతికేవాడికి సగం దొరుకుతుంది, సగం దొరకదు. పొట్టి రాత తీసుకుని మ్యాప్‌లో, వాట్సాప్‌లో, బిల్లులో అదే ఉంచండి. డెలివరీ యాప్‌లలో మాత్రం పక్కనే తాండ్ర, చెనిక్కాయ అనే మాటలు చేర్చండి. కొత్త పేరును ఎవరూ వెతకరు, తెలిసిన పదార్థాన్నే వెతుకుతారు.

నమోదు సంగతి కొద్దిగా

స్టిక్కర్లు వేసే ముందే ipindia.gov.in లో ట్రేడ్‌మార్క్ వెతుకులాట చేయండి, ఖర్చేమీ లేదు. మిఠాయిలు 30వ తరగతి కింద వస్తాయి, హోటల్ సేవ అయితే 43. అక్షరాలు ఒకేలా ఉన్నవే కాక Phonetic అనే ఎంపికతో ఒకేలా వినబడేవి కూడా చూడాలి. తెలుగు పేర్లకు ఇదే ముఖ్యం, ఎందుకంటే ఒకే పేరును ఇంగ్లీషులో ఎవరికి తోచినట్టు వాళ్ళు రాస్తారు.

ఆన్‌లైన్లో దరఖాస్తు రుసుము వ్యక్తులకూ చిన్న సంస్థలకూ ఒక తరగతికి 4,500 రూపాయలు, మిగతావాళ్ళకు 9,000. లాయరు ఖర్చు వేరే. మన రాష్ట్రం దరఖాస్తులు చెన్నై కార్యాలయం కిందికి వెళ్తాయి. అభ్యంతరాల లేఖ వస్తే 30 రోజుల్లో జవాబివ్వాలి. ట్రేడ్‌మార్కుల జర్నల్లో ప్రకటించాక నాలుగు నెలలు ఎవరైనా వ్యతిరేకించవచ్చు. ఒకసారి నమోదైతే పదేళ్ళు, తర్వాత పొడిగించుకోవచ్చు. నమోదు పూర్తయ్యేదాకా పేరు పక్కన టీఎం అని వేసుకోవచ్చు గానీ గుండ్రటి ఆర్ గుర్తు వేయకూడదు. పేరు ఒక్కటే నమోదు చేస్తే ఏ అక్షరశైలిలోనైనా రక్ష ఉంటుంది. లోగోగా చేస్తే ఆ బొమ్మకు ఎక్కువగా అతుక్కుపోతుంది. డబ్బు ఒక్కదానికే ఉంటే పేరుకే పెట్టండి.

మొదటి రోజు నుంచి బిల్లులు, స్టిక్కర్ అచ్చు వేసినవాడి రసీదు, తేదీ కనబడే ఫోటోలు ఒక ఫైల్లో ఉంచుకోవాలి. ఎప్పటినుంచో వాడుతున్నామని దరఖాస్తులో రాస్తే అఫిడవిట్‌తో పాటు ఆధారాలు అడుగుతారు. ఎవరైనా మనకన్నా ముందు నమోదు చేసుకున్నా, వాళ్ళు వాడటం మొదలుపెట్టిన తేదీ, నమోదైన తేదీ, ఈ రెంటిలో ఏది ముందైతే దానికన్నా ముందు నుంచే వాడుతున్నామని చూపించగలిగితే 34వ సెక్షన్ కింద మన వాడకాన్ని వాళ్ళు ఆపలేరు.

ఇక దంపతులిద్దరూ ఎంచుకోవాల్సింది కొత్తగా పుట్టించిన అచ్చవ్వ, మనిషి పేరుతో సుబ్బమ్మ అచ్చు, ఈ రెంటి మధ్యే అనుకుందాం. అమ్మకమంతా ఈ ఒక్క కౌంటర్ మీదే, కొనేవాళ్ళలో ఊరివాళ్ళే ఎక్కువ, ఇంట్లో వాటాల పేచీ లేదు అంటే సుబ్బమ్మ అచ్చు చాలు, త్వరగా నోళ్ళలో పడుతుంది. బస్టాండు పక్కన కొట్టు, కొనేవాళ్ళలో సగానికి పైగా బయటి రాష్ట్రాలవాళ్ళు, రేపు రేణిగుంటలోనో చిత్తూరులోనో ఇంకో కొట్టు పెట్టే ఆలోచన ఉంది అంటే అచ్చవ్వ తీసుకోవాలి. మొదటి నెలల్లో కౌంటర్ కుర్రాడికి గొంతు నొప్పి పుడుతుంది, అంతే. పక్కవాడు తాండ్ర అచ్చు అని బోర్డు పెడితే ఊరుకోండి. అచ్చవ్వ అని పెడితే మాత్రం అదే రోజు బోర్డు ఫోటో తీసి, ఒక పావుకేజీ కొని, బిల్లు అడిగి తీసుకుని ఫైల్లో పెట్టుకోండి.